కుటుంబం మీద ప్రాస కవిత: మూడో తరగతి పిల్లలకు రాత చట్రం ఎలా ఉండాలి?

ప్రశ్న: నేను మూడో తరగతికి తెలుగు చెబుతున్నాను. తమ ఇంటివాళ్ళ మీద పిల్లల చేత చిన్న ప్రాస కవిత రాయిద్దామని "మా అమ్మ ____ చేస్తుంది, మా నాన్న ____ చేస్తాడు" అంటూ ఖాళీలు ఇచ్చాను. ఖాళీలు నింపారు గానీ ప్రాస రాలేదు, పైగా ముప్పై మందివీ ఒకేలా ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లలకు పనికొచ్చే చట్రం ఎవరైనా చెప్పగలరా?

సమాధానం:

ప్రాస రాకపోవడానికి కారణం పిల్లలు కారు, మీరు ఖాళీ ఉంచిన చోటు. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ఆ క్రియ కర్తను బట్టి మారుతుంది. అమ్మ అయితే "వండుతుంది", నాన్న అయితే "వండుతాడు", గౌరవంగా చెప్పే ఇళ్ళలో అయితే "వండుతారు". ప్రాస వినిపించవలసింది పంక్తి చివర. కానీ మీ చట్రంలో ఆ చివరి స్థానాన్ని క్రియ ముందే ఆక్రమించుకుంది, పిల్లవాడికి మిగిలింది మధ్యలోని ఖాళీ మాత్రమే. అమ్మ పక్కన నాన్నను పెట్టినప్పుడు "-తుంది", "-తాడు" కలవవు. అమ్మ పక్కన అక్కను పెడితే రెండు పంక్తులూ "-తుంది" అనే ముగుస్తాయి గానీ అది వ్యాకరణం తెచ్చిన పోలికే తప్ప పిల్లవాడు వెతికి పట్టుకున్న ప్రాస కాదు, అందుకే వినేవారి చెవికి అది ప్రాసలాగా తోచదు. నేనూ ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఇలాంటి ఖాళీలే ఇచ్చి, పిల్లలకు పదసంపద చాలడం లేదని పొరబడ్డాను.

చేయవలసింది క్రియను చివరి నుంచి తీసి మధ్యలోకి తేవడం. ఇందుకు భాషలోనే ఒక సులువైన దారి ఉంది. "అక్క ముగ్గు వేస్తుంది" అనే వాక్యాన్ని "ముగ్గు వేసే అక్క" అని తిప్పితే క్రియ విశేషణంగా మారి మధ్యలోకి వస్తుంది, పంక్తి చివర అక్క నిలబడుతుంది. అంతకంటే మేలైన సంగతి ఏమిటంటే ఈ రూపానికి లింగ భేదం గానీ గౌరవ భేదం గానీ ఉండదు. ముగ్గు వేసే అక్క, ఆటో నడిపే నాన్న, కథలు చెప్పే తాత అన్నప్పుడు "వేసే", "నడిపే", "చెప్పే" ఎవరి ముందైనా ఒకే తీరుగా ఉంటాయి. మీ పాత చట్రంలో ఎదురైన చిక్కు ఇక్కడ తలెత్తదు. వ్యాకరణంలో వీటిని క్రియాజన్య విశేషణాలంటారు. ఆ పేరు పిల్లలకు చెప్పవలసిన అవసరం లేదు. "ఎలాంటి అక్క? ఏం చేసే అక్క?" అని అడిగితే మూడో తరగతి పిల్లలెవరైనా తడుముకోకుండా "ముగ్గు వేసే అక్క" అనేస్తారు, ఎందుకంటే ఇంట్లో రోజూ మాట్లాడే రూపమే అది.

నా చట్రం ఈ ఒక్క మార్పు మీదే నిలబడుతుంది. అందులో రెండు పంక్తులు ఒక జత. మొదటి పంక్తి మనిషి మీద ముగుస్తుంది, రెండో పంక్తి అదే మనిషితో మొదలై ఒక వస్తువు మీద ముగుస్తుంది. ఆ వస్తువు పేరు మనిషి పేరుతో ప్రాస కలవాలి.

ముగ్గు వేసే అక్క
అక్క నాటిన మొక్క

మొదటి పంక్తిలో పని, ఆ పని చేసే మాట, మనిషి. రెండో పంక్తిలో మనిషి, పని చేసిన మాట, వస్తువు. ఒక పంక్తి ఏ మాటతో ముగిసిందో దాన్నే అందుకుని తరువాతి పంక్తి మొదలుకావడం మన పద్యాల్లో ఉన్న పద్ధతే. దాన్ని ముక్తపదగ్రస్తమనే శబ్దాలంకారంగా పై తరగతుల్లో చెబుతాం. ఇక్కడ ఆ పద్ధతి వల్ల కలిగే లాభం వేరు. రెండో పంక్తి ఎలా మొదలుపెట్టాలా అని పిల్లవాడు పెన్సిలు కొరుకుతూ కూర్చోనక్కరలేదు, మొదటి మాట అప్పటికే చేతిలో ఉంటుంది.

లయ కోసం మాత్రల లెక్క చెప్పకండి. గురువు, లఘువు ఈ వయసుకు బరువు. అయితే మీరు మాత్రం ఒకసారి లెక్క చూసుకోండి. "ముగ్గు" మూడు మాత్రలు, "వేసే" నాలుగు, "అక్క" మూడు. "అక్క" మూడు, "నాటిన" నాలుగు, "మొక్క" మూడు. రెండు పంక్తులూ సరిగ్గా తూగాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంటి మాటల్లో చాలా వాటికి రెండక్షరాలే ఉంటాయి, వేసే, చేసే, నాటిన, తెచ్చిన వంటి మాటలు ఎక్కువగా నాలుగు మాత్రలకు వస్తాయి. కాబట్టి పంక్తికి మూడే మాటలని నియమం పెడితే లయ చాలావరకు తనంత తానే కుదురుతుంది. పిల్లలకు నేను చెప్పేది ఇంతే: పంక్తికి మూడు మాటలు, నాలుగు చప్పట్లు. ఒక్కో మాటకు ఒక్కో చప్పట్టు, నాలుగో చప్పట్టు ఖాళీ. ఆ ఖాళీ చప్పట్టులో ఊపిరి పీల్చుకుని తరువాతి పంక్తి ఎత్తుకుంటారు.

దీనికి అచ్చు వేయించిన వర్క్‌షీట్ ఏదీ అక్కరలేదు. ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, మళ్ళీ ఒకసారి నిలువుగా మడిచి విప్పితే నాలుగు నిలువు గడులు వస్తాయి. నాలుగు గడులంటే నాలుగు చప్పట్లు. మొదటి మూడు గడుల్లో ఒక్కో మాట రాస్తారు, నాలుగోది ఖాళీగా ఉంచుతారు. మూడో గడిని మాత్రం రంగు పెన్సిలుతో లేతగా నింపమనండి, ప్రాస మాట వచ్చేది అక్కడే. మాటలు గడి దాటి పోతుంటే పంక్తి బరువెక్కిందని పిల్లవాడికి కంటితోనే తెలిసిపోతుంది, మనం చెప్పనక్కరలేదు.

ఇప్పుడు క్రమం గురించి చెబుతాను. ఎక్కువ తరగతుల్లో పొరపాటు జరిగేది ఇక్కడే. ప్రాస పదాల పట్టిక ముందుగా నల్లబల్ల మీద రాసి, తరువాత కవిత రాయమంటాం. అప్పుడు పిల్లలు పట్టికలో కంటికి కనిపించిన మాటను తెచ్చి అతికిస్తారు. "నాన్న తెచ్చిన వెన్న" అని తరగతిలో సగం మంది రాస్తారు, వాళ్ళలో ఎవరింటికీ నాన్న వెన్న తెచ్చి ఉండడు. కనుక నిజం ముందు, ప్రాస తరువాత. మొదటి రోజు కాగితం ఇవ్వను. సాయంత్రం ఇంటికి వెళ్ళాక చూసి రావలసిన సంగతులు మూడు చెబుతాను: ఒకరి చేతిలో ఎప్పుడూ కనిపించేది ఏమిటి, ఒకరు చేసిన, తెచ్చిన, కుట్టిన, నాటిన వస్తువు ఇంట్లో ఏముంది, ఒకరు పదే పదే అనే మాట ఏమిటి. "మీ అమ్మ ఎలాంటిది?" అని మాత్రం అడగకండి. అడిగితే మంచిది, ప్రేమగా చూసుకుంటుంది అనే జవాబులే వస్తాయి, ముప్పై కవితలు ఒకేలా ఉండడానికి ఆ ప్రశ్న ఒక్కటే చాలు. చేతిలోని వస్తువును అడిగితే ఒకరింట్లో చాట, ఒకరింట్లో కుట్టుమిషను, ఒకరింట్లో స్పానరు, ఒకరింట్లో బీడీ ఆకు బయటికి వస్తాయి.

ఎవరి గురించి రాయాలో కూడా చట్రం ముందే నిర్ణయించకూడదు. అమ్మ, నాన్న అని అచ్చువేసి ఇస్తే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లవాడు ఆ ఖాళీ ముందు తలవంచుకుని కూర్చుంటాడు. మనిషి గడిని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. పిలుపు కూడా ఇంట్లోదే ఉండనివ్వండి. నాన్నను బాపు అనే ఇళ్ళున్నాయి, నాయన అనే ఇళ్ళున్నాయి. నానమ్మను మామ్మ అంటారు, అవ్వ అంటారు, రాయలసీమలో జేజి అంటారు. పాఠ్యపుస్తకం మాటలోకి దాన్ని దిద్దితే దానితో ప్రాస కలిసే మాటల బుట్ట మారిపోతుంది, పిల్లవాడికి ఆ మనిషీ దూరమవుతుంది. "బాపు" అనే మాటకు చూపు, రేపు, మాపు, వైపు దొరుకుతాయి. "నాన్న" అని దిద్దితే ఇవేవీ ఉండవు.

ప్రాస బుట్ట నింపడం రెండో రోజు పని. పదాల పట్టిక మీరు ఇవ్వకండి, వెతికే పద్ధతి ఇవ్వండి. "అక్క" తీసుకున్న పిల్లలు మొదటి అక్షరాన్ని చేత్తో మూసి మిగిలిన "క్క"ను పలుకుతారు. తరువాత వర్ణమాలను వరసగా తీసుకుని దాని ముందు పెట్టి పలుకుతూ పోతారు. కక్క, కిక్క, కుక్క, ఇదిగో ఒకటి దొరికింది. చక్క, చిక్క, చుక్క, మరొకటి. చెక్క, ఇంకొకటి. ఇలా పోతే ఉక్క, డొక్క, తొక్క, పక్క, పిక్క, ముక్క, మొక్క, రెక్క, లెక్క వస్తాయి. గుణింతాలు మరోసారి నలిగినట్టూ అవుతుంది. జంటగా చేయిస్తే ఒకరు పలుకుతారు, మరొకరు అది నిజమైన మాటో కాదో చెబుతారు. పది నిమిషాలు చాలు. "తాత"కు ఈత, కోత, గీత, పూత, మూత, మేత, మోత, రాత దొరుకుతాయి. "అమ్మ"కు కొమ్మ, బొమ్మ, తుమ్మ, నిమ్మ. "చెల్లి"కి తల్లి, పిల్లి, బల్లి, మల్లి, ఉల్లి. "అవ్వ"కు గవ్వ, గువ్వ, మువ్వ, రవ్వ.

ద్విత్వాక్షరం ఉన్న మాటలతో ఈ పని మొదలుపెట్టమని నా సలహా. క్క, మ్మ, ల్లి, వ్వ వంటివి చెవిలో గట్టిగా మోగుతాయి గనుక పిల్లలు ప్రాసను వెంటనే పట్టుకుంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. మన పద్యాల ప్రాస పాదంలోని రెండో అక్షరానికి సంబంధించినది, పాట చివర వినిపించేది అంత్యప్రాస. ఈ రెండక్షరాల మాటల్లో రెండో అక్షరమే చివరి అక్షరం కూడా కావడం వల్ల చెవికి రెండు విధాలా ఇంపుగా ఉంటుంది. పద్యప్రాసకు హల్లు కలిస్తే చాలు, అచ్చు మారినా పరవాలేదు. అంత్యప్రాసకు అచ్చు కూడా కలవాలి. పిల్లలు "అక్క", "ముక్కు" జతచేసి తెచ్చేది ఈ చోటనే. తప్పు అనకుండా ఇద్దరు పిల్లల చేత మొదటి అక్షరం వదిలి పలికించండి. ఒకరు "క్క" అంటారు, ఒకరు "క్కు" అంటారు. తరగతి అంతటికీ తేడా వినిపిస్తుంది.

బుట్ట నిండాక ఇంకో చిన్న వడపోత ఉంది. పంక్తి చివర నిలబడలేని మాటలను కొట్టివేయించాలి. "నాన్న" బుట్టలోకి వెన్న, జొన్న, సున్న, దున్నతో పాటు చిన్న, నిన్న, మొన్న కూడా వస్తాయి. "నాన్న తెచ్చిన చిన్న" అంటే వాక్యం గాలిలో వేలాడుతుంది, ఏ చిన్న అని వినేవాడు అడుగుతాడు. పిల్లలకు నేను చెప్పే గుర్తు ఒకటే: ఆ మాటను చేత్తో పట్టుకోగలమా, కంటితో చూడగలమా, చెవితో వినగలమా? ఈ మూడింట్లో ఒక్కటీ కుదరకపోతే రంగు గడిలో పెట్టవద్దు. "ఈత" చేతికి దొరకదు గానీ కంటికి కనిపిస్తుంది, కనుక ఉండవచ్చు.

ఒక అమ్మాయి కవిత ఎలా తయారైందో మొదటి నుంచీ చెబుతాను. మొదటి రోజు నోటితో ఆమె చెప్పినవి ఇవి: "మా నాన్న రోజూ పొద్దున్నే లేచి ఆటో నడుపుతాడు. మా అక్క ముగ్గు వేస్తుంది. మా తాత అన్నం తినేటప్పుడు మాట్లాడుతూనే ఉంటాడు." ఇంట్లో ఒకరు నాటినది గానీ తెచ్చినది గానీ ఏముందని చూసి రమ్మంటే మరునాడు వచ్చి, వాకిట్లో అక్క నాటిన మందార మొక్క ఉందని చెప్పింది. అక్క జత వెంటనే కుదిరింది, దాన్ని పైన చూశారు. నాన్న దగ్గర చిక్కు వచ్చింది. "ఆటో నడిపే నాన్న" అని రాసి, అందరిలాగే "నాన్న తెచ్చిన వెన్న" అని కింద రాసింది. ఆమెను నేనడిగింది రెండే మాటలు: "వెన్న ఎప్పుడు తెచ్చాడు? ఏ గిన్నెలో పెట్టారు?" కాసేపు ఆలోచించి, వెన్న తేలేదని, రాత్రి వచ్చేటప్పుడు మొక్కజొన్న పొత్తులు తెస్తాడని చెప్పింది. బుట్టలో జొన్న ఉంది. "మొక్కజొన్న" మూడో గడిలో పట్టడం లేదని కాగితం నా ముందు పెట్టింది. చప్పట్లు కొట్టి చూడమన్నాను. నాన్న, తెచ్చిన, మొక్క, జొన్న. ఖాళీగా ఉండే నాలుగో చప్పట్టులోకి జొన్న వచ్చి కూర్చుంది, లయ ఎక్కడా తప్పలేదు. నాలుగో గడి వాడుకోవచ్చని ఆ రోజు తరగతి అంతా నేర్చుకుంది. నానమ్మ, దానిమ్మ వంటి పెద్ద మాటలు కూడా ఇలాగే ఆ గడిలోకి జరుగుతాయి.

తాత దగ్గర ఆమె మూడో రకం రూపాన్ని పట్టుకుంది. మాటలు ఆపడు అన్నదాన్ని ఎలా తిప్పాలని అడిగితే "ఆపని తాత" అంది, తరువాత తనే "ఆగని మాట" అంది. చేసే, చేసిన, చేయని అనే మూడు రూపాలు తెలిస్తే ఈ చట్రంలో చెప్పలేనిది దాదాపు ఉండదు. వాటిలో "చేయని" రూపాన్ని మనం నేర్పడం మరచిపోతాం గానీ మనుషుల ప్రత్యేకత చాలాసార్లు దానిలోనే ఉంటుంది. ఎప్పుడూ తిట్టని అత్త, చెప్పులు వేసుకోని మామ, టీ తాగని పెదనాన్న. ఆమె కవిత చివరికి ఇలా నిలిచింది:

ముగ్గు వేసే అక్క
అక్క నాటిన మొక్క
ఆటో నడిపే నాన్న
నాన్న తెచ్చిన మొక్కజొన్న
అన్నం తినే పూట
ఆగని తాత మాట

చివరి జత చట్రాన్ని కొంచెం వదిలి నడిచిందని గమనించండి. అక్కడ మనిషి పేరు చివర లేదు, మధ్యలో ఉంది. నేను చివరి జతకు ఈ స్వేచ్ఛ కావాలనే ఇస్తాను. మొదటి రెండు జతలు ఒక్కొక్కరివి, చివరిది అందరూ ఒకచోట ఉండే వేళది. దీనికి బుట్ట అవసరం లేకుండా పూట, మాట, పాట, ఆట లేదా కంచం, మంచం వంటి ఇంటి మాటల జతలు రెండు మూడు చెబుతాను. "ఇల్లు" మాత్రం చెప్పను. చెప్పిన మరుక్షణం ప్రతి కాగితం మీదా "మా ఇల్లు హరివిల్లు" అని వచ్చి కూర్చుంటుంది, మొదటి నాలుగు పంక్తుల్లో ఉన్న అక్కా నాన్నా కనిపించకుండా పోతారు.

కొన్ని పిలుపులకు బుట్ట నిండదు. "తమ్ముడు" అలాంటిది. దేవుడు, ఎప్పుడు, రాముడు అంటూ "డు" మాత్రమే కలిసే మాటలు వస్తాయి, అవి చెవికి ఆనవు. అప్పుడు చట్రాన్ని ఒక మెట్టు తిప్పండి. మనిషిని రెండు పంక్తుల మొదట్లోనూ పెట్టి, చివర రెండు వస్తువులను ఒకదానితో ఒకటి కలపమనండి. ఏడాదిన్నర తమ్ముడున్న ఒక బాబు ఇలా రాశాడు:

తమ్ముడు తోసిన బండి
తమ్ముడు చల్లిన తిండి

ఇక్కడ బుట్ట "బండి" అనే మాటకు నింపుతారు, తమ్ముడికి కాదు. జేజి, నాయన, వదిన వంటి పిలుపులకూ ఇదే దారి. మొదటి చట్రం బాగా అలవాటైన తరువాతే ఈ రెండోదాన్ని చూపండి, రెండూ ఒకే రోజు చూపితే కలగాపులగం చేస్తారు.

తరగతి గదిలో మీకు ఎదురయ్యే మరో రెండు ఇబ్బందులు చెబుతాను. బుట్టలోకి "కుక్క" రాగానే ఎవరో ఒకరు "మా అక్క కుక్క" అంటారు, గది నవ్వులతో నిండిపోతుంది. కోప్పడితే ఆ మాటకు ఇంకా రుచి పెరుగుతుంది. మూడు గడుల నియమం గుర్తుచేసి మధ్య గడిలో పని మాట ఏదని అడగండి. "అక్క పెంచిన కుక్క" అని రాయక తప్పదు, కుక్క నిజంగా ఇంట్లో ఉంటే అది మంచి పంక్తే. రెండోది, మాట్లాడే భాషకూ రాసే భాషకూ మధ్య వచ్చేది. "ముగ్గు వేసే" అనకుండా "ముగ్గేసే" అనే పిల్లలుంటారు. రెండు మాటలు ఒకటై ఒక చప్పట్టు తగ్గిపోతుంది. నేను దిద్దను. "పొద్దున ముగ్గేసే అక్క" అని ముందొక మాట చేర్చుకోమంటాను, మూడు మాటలూ నిండుతాయి, ఇంటి నుడికారమూ నిలుస్తుంది. ఒత్తులు, దీర్ఘాలు వంటి రాత తప్పులను మాత్రం చివరి ప్రతి రాసేటప్పుడు దిద్దుతాను, మొదటి ప్రతి మీద ఎర్ర సిరా పెట్టను.

ఇంకా సరిగా రాయలేని పిల్లలు తరగతిలో తప్పకుండా ఉంటారు. వాళ్ళ చేత చప్పట్లతో నోటితో చెప్పించి, మొదటి రెండు గడుల్లో మాటలు మీరు రాసిపెట్టి, రంగు గడి మాత్రం వాళ్ళనే రాయమనండి. ఆ ఒక్క మాటా బుట్టలో వాళ్ళు వెతికి రాసుకున్నదే గనుక చూసి రాయగలరు.

మొత్తం పనికి నలభై నిమిషాల పీరియడ్లు రెండు, మధ్యలో ఒక సాయంత్రం కావాలి. మొదటి పీరియడ్లో నోటి మాటలు, "ఎలాంటి అక్క?" ఆట, చప్పట్లు. రెండో పీరియడ్లో బుట్ట పది నిమిషాలు, పంక్తులు ఇరవై నిమిషాలు, మిగిలిన పది నిమిషాలు చదవడానికి. మొదటిసారి అందరినీ ఒకే జతతో ఆపండి. ఆరు పంక్తులు రెండు వారాల తరువాత చూసుకోవచ్చు.

ఈ చట్రానికి ఒక పరిమితి ఉంది. ఇందులో అన్నీ చిత్రాలే గానీ కదలిక ఉండదు, ఒకదాని వెంట ఒకటి జరిగే కథ దీనిలో ఇమడదు. ఆరు పంక్తుల వరకు వినసొంపుగా ఉంటుంది, ఎనిమిది దాటితే జాబితా చదువుతున్నట్టు అనిపిస్తుంది. పిల్లలు మూడుసార్లు దీనితో రాశాక మడత గడులు తీసేసి, "మూడు మాటలు, నాలుగు చప్పట్లు" అనే నియమం మాత్రం ఉంచండి. కొందరు అప్పటికీ కాగితం మడుచుకుంటారు, మడుచుకోనివ్వండి. అయిదో తరగతికి వచ్చేసరికి క్రియ చివరికి వచ్చినా ప్రాస నడిపించే పద్ధతులు నేర్పవచ్చు, ఇప్పుడే తొందరలేదు.

చేసే, చేసిన అనే రెండు రూపాల మధ్య ఎంత తేడా ఉందో నాకు చూపింది ఒక బాబు. తరగతి అంతా మొదటి పంక్తిని "చెప్పే", "వండే", "కుట్టే" అని రాస్తుంటే వాడు మాత్రం మధ్య గడిలో రాసినదాన్ని రబ్బరుతో చెరిపి మళ్ళీ రాశాడు. పొరపాటు పడ్డాడేమో, రెండో పంక్తి రూపాన్ని మొదటి పంక్తిలో పెట్టాడేమో అనుకుని దిద్దబోయాను. వాళ్ళ అవ్వ ఆ ఏడాదే సంక్రాంతి ముందు చనిపోయిందని పక్కనున్న పిల్ల చెప్పింది. వాడి కాగితం మీద ఇలా ఉంది:

కథలు చెప్పిన అవ్వ
అవ్వ దాచిన గవ్వ

అందుకే మొదటి పంక్తిలో "చేసే" రూపమే రావాలని మీ చట్రంలో అచ్చువేయకండి. మధ్య గడిని ఖాళీగానే ఉంచండి.